పొలం, బంగారం, నగదు: ముగ్గురు వారసుల మధ్య లెక్క ఎలా కుదురుతుంది?

క్లుప్తంగా: వారసులందరికీ సమాన వాటా ఉన్నంత మాత్రాన ప్రతి వస్తువునూ ముక్కలు చేయాల్సిన పని లేదు. ఆస్తి మొత్తానికి ఒకే తేదీన, ఒకే కొలమానంతో ధర కట్టి, ఎవరికి పనికొచ్చేది వారికి ఇచ్చి, తేడాను డబ్బుతో సరిచేయవచ్చు. ఈ లెక్క చెడేది ఎక్కువగా రెండు చోట్ల. భూమికి ఏ ధర పట్టుకున్నారన్నది మొదటిది. సర్దుబాటు సొమ్ము ఎప్పుడు, ఏ భరోసాతో చేతికి వస్తుందన్నది రెండోది.

విశాఖపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ఆస్తి పంపకాలు పదిహేనేళ్ల కిందటి కంటే ఇప్పుడు ఎక్కువ పేచీ పెడుతున్నాయి. ఒకప్పుడు ఎకరాల్లో మాట్లాడుకున్న పొలాన్ని ఇప్పుడు సెంట్లలో, రోడ్డు పక్కనైతే గజాల్లో లెక్కపెడుతున్నారు. ఒకే సర్వే నంబరులో రోడ్డు ముఖం ఉన్న సెంటుకు, లోపలి సెంటుకు ధరలో రెట్టింపు తేడా ఉండవచ్చు. బంగారం ధర నెల తిరిగేలోగా మారిపోతోంది. మూడు రకాల ఆస్తి, మూడు రకాల ధర. పంచుకోవాల్సిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కొక్కరు ఒక్కో ఊళ్లో.

## ఉదాహరణ కుటుంబం

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి వీలునామా రాయకుండా కాలం చేశాడు. తల్లి అంతకుముందే పోయింది. పెద్దకొడుకు పద్మనాభం మండలంలోనే ఉండి వ్యవసాయం చేస్తున్నాడు. కూతురు గాజువాకలో, చిన్నకొడుకు హైదరాబాద్‌లో ఉంటున్నారు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ఈ ముగ్గురూ మొదటి తరగతి వారసులు, వాటాలు సమానం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలోనూ 2005 సవరణ తర్వాత కూతురిది కొడుకుతో సమానమైన హక్కే. కూతురు పుట్టుకతోనే ఆ హక్కు పొందుతుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది అడ్డు కాదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చింది.

ఆస్తి ఇది. లోపల బోరు ఉన్న పల్లం భూమి ఎకరా 80 సెంట్లు. తారు రోడ్డును ఆనుకుని 60 సెంట్ల గరువు. తల్లి నగలు, బరువు 320 గ్రాములు, అంటే 40 కాసులు. బ్యాంకులో డిపాజిట్లు, నగదు కలిపి 30 లక్షలు. సొసైటీలో పంట అప్పు 4 లక్షలు బాకీ ఉంది. అంత్యక్రియలు, కర్మలకు పెద్దకొడుకు సొంతంగా 2 లక్షలు పెట్టాడు.

పంపకానికి ముందే అప్పు, ఖర్చు తీసేయాలి. కాబట్టి పంచాల్సిన నగదు 30 కాదు, 24 లక్షలే. ఈ చిన్న పని మరిచిపోయి తర్వాత గుర్తు చేసుకున్న చోటే మొదటి మాటామాటా పెరుగుతుంది. ఇంకో సంగతి: డిపాజిట్లకు చిన్నకొడుకు నామినీగా ఉన్నా ఆ డబ్బు అతనిది అయిపోదు. నామినీ బ్యాంకు నుంచి సొమ్ము తీసుకుని వారసుల తరఫున ఉంచేవాడు మాత్రమే.

## ఒక్కోదానికి ధర కట్టడం

బంగారం తేలిక, కానీ తప్పు జరిగేదీ తేలిగ్గానే. నగ బరువు అంతా బంగారం కాదు. రాళ్లు, లక్క, దారం తీసేయాలి. కొన్నప్పుడు ఇచ్చిన మజూరి, తరుగు అమ్మినప్పుడు తిరిగి రావు, కాబట్టి వాటిని ధరలో కలపకూడదు. పాత నగలకు 916 ముద్ర ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కేరట్ మీటరుపై స్వచ్ఛత చూపించుకోవాలి. ముగ్గురూ కలిసి కురుపాం మార్కెట్‌లో ఒకే రోజు రెండు దుకాణాల్లో తూకం వేయించి, చీటీ రాయించుకుంటే సరిపోతుంది. మన ఉదాహరణలో రాళ్లూ లక్కా పోగా 22 కేరట్ల బంగారం 300 గ్రాములు తేలింది. గ్రాము 12,000 చొప్పున 36 లక్షలు. ఈ రేటు లెక్క కోసం తీసుకున్నదే. ఏ రేటైనా ‘తిరిగి అమ్మితే వచ్చే ధర’ కావాలి, కొత్త నగ కొనే ధర కాదు.

భూమి దగ్గర ఓపిక కావాలి. ధర కంటే ముందు విస్తీర్ణం తేలాలి. అడంగల్, 1-బి అనే రెవెన్యూ రికార్డుల్లో రాసిన సెంట్లు, గట్ల మధ్య నిజంగా ఉన్న సెంట్లు ఒకటి కాకపోవచ్చు. సర్వేయరుతో కొలిపించి, ఎఫ్‌ఎంబీ పటంతో సరిచూసుకోకుండా ధర కట్టడం అంటే లేని పొలానికి కూడా వాటా ఇచ్చినట్టే. ఆ తర్వాత ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, తీసి తనఖాలు చూడాలి. రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే వారసత్వంగా వస్తుంది గానీ అమ్మకంపై ఆంక్షలు ఉంటాయి. పక్కనే ఉన్న సొంత పట్టా జిరాయితీ భూమి ధర దానికి అంటగట్టకూడదు.

ధర విషయానికి వస్తే, ఆ ఊళ్లో ఇటీవల జరిగిన మూడు నాలుగు అమ్మకాలు ఆధారం కావాలి. దస్తావేజులో రాసిన మొత్తం చాలాసార్లు ప్రభుత్వ విలువ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి కాగితం ఒక్కటే చూస్తే సరిపోదు. రిజిస్టర్డ్ వాల్యుయర్ ఒకరి నివేదిక, కొన్నవారిని అడిగి తెలుసుకున్న అసలు ధర, రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. మన ఉదాహరణలో పల్లం సెంటు 40,000, రోడ్డు ముక్క సెంటు 90,000గా ముగ్గురూ ఒప్పుకున్నారు. పల్లం విలువ 72 లక్షలు, రోడ్డు ముక్క 54 లక్షలు.

## మొదటి లెక్క

మొత్తం: 72 + 54 + 36 + 24 = 186 లక్షలు. ఒక్కొక్కరి వాటా 62 లక్షలు.

పల్లాన్ని మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కరికి 60 సెంట్లు వస్తాయి. కాగితం మీద అంతకంటే సమానం ఉండదు. కానీ బోరు ఒక్కరి ముక్కలో పడుతుంది, మిగతా ఇద్దరికీ నీరు, దారి అడగాల్సి వస్తుంది, కొత్త గట్లకు కొంత నేల పోతుంది. 72 లక్షల పొలం విడివిడిగా అమ్మితే అంత పలకదు. అందుకే వస్తువులను చెక్కుచెదరనీయకుండా పంచి, తేడాను డబ్బుతో తీర్చడం మేలు. న్యాయ పరిభాషలో ఈ తేడా చెల్లింపును ‘ఓవెల్టీ’ అంటారు. మన పెద్దమనుషుల భాషలో ఎచ్చుతగ్గులు సర్దడం.

| వారసుడు | తీసుకున్నది | విలువ (లక్షల్లో) | వాటా | సర్దుబాటు |
|---|---|---|---|---|
| పెద్దకొడుకు | పల్లం | 72 | 62 | 10 ఇవ్వాలి |
| కూతురు | బంగారం, నగదు | 60 | 62 | 2 రావాలి |
| చిన్నకొడుకు | రోడ్డు ముక్క | 54 | 62 | 8 రావాలి |

ఇవ్వాల్సింది 10, రావాల్సింది 2 + 8. ఇచ్చేవి, వచ్చేవి సరిపోకపోతే ఎక్కడో కూడిక తప్పిందని అర్థం. ఎంత పెద్ద ఆస్తికైనా లెక్క సరిచూసుకునే పద్ధతి ఇదే.

## ప్రభుత్వ విలువ పట్టుకుంటే ఏమవుతుంది

చాలా కుటుంబాల్లో ‘రిజిస్ట్రేషన్ విలువ చూసుకుందాం, అది గవర్నమెంటు లెక్క, ఎవరూ కాదనరు’ అనే మాట వస్తుంది. వినడానికి తటస్థంగా ఉంటుంది. దాన్ని పై ఆస్తికే వర్తింపజేసి చూద్దాం. పల్లం సెంటు 15,000, రోడ్డు ముక్క సెంటు 20,000 అని ప్రభుత్వ విలువ ఉందనుకుంటే, అవి 27 లక్షలు, 12 లక్షలు అవుతాయి. బంగారం, నగదు మాత్రం అసలు ధరలోనే ఉంటాయి. మొత్తం 27 + 12 + 36 + 24 = 99 లక్షలు, వాటా 33.

ఇప్పుడు కూతురి చేతిలో ఉన్నది 60. ఆమె 27 లక్షలు ఎదురివ్వాలి. పెద్దకొడుక్కి 6, చిన్నకొడుక్కి 21 వస్తాయి. మొదటి లెక్కలో 2 లక్షలు రావాల్సిన మనిషి, రెండో లెక్కలో 27 లక్షలు బాకీ పడింది. పొలం మారలేదు, బంగారం మారలేదు. మారింది కొలమానం ఒక్కటే.

భూమిని పుస్తకం ధరకు, బంగారాన్ని బజారు ధరకు కట్టడమే ఇక్కడి తప్పు. ఆడపిల్లకు బంగారం, మగపిల్లలకు భూమి అనే పాత అలవాటుతో ఇది కలిసినప్పుడు నష్టం ఎప్పుడూ ఒక వైపే పడుతుంది. ఎవరూ మోసం చేయకుండానే మోసం జరిగిపోయే చోటు ఇది. ప్రభుత్వ విలువకు ఉన్న పని వేరు. స్టాంపు డ్యూటీ లెక్కకు అది కావాలి. పంపకాల దస్తావేజుపై డ్యూటీని అందరి వాటాల మీదా వేయరు. సాధారణంగా అన్నిటికంటే పెద్ద వాటాను మినహాయించి, మిగిలిన వాటాల విలువపైనే వేస్తారు. ఆ లెక్కను కుటుంబం లోపలి లెక్కతో కలపకూడదు.

## తేదీ జారిపోతే

ధరలన్నీ ఒకే రోజువి కావాలనడానికి కారణం ఉంది. పై మొదటి లెక్క కుదిరాక, చిన్నకొడుకు సెలవు దొరక్క రిజిస్ట్రేషన్ మూడు నెలలు ఆగిందనుకుందాం. ఈలోగా బంగారం గ్రాముకు 1,000 పెరిగింది. నగల విలువ 39 లక్షలు, మొత్తం 189, వాటా 63. కూతురి దగ్గర ఉన్నదీ సరిగ్గా 63. ఆమెకు రావాల్సిన 2 లక్షలు మాయమయ్యాయి. పెద్దకొడుకు ఇవ్వాల్సింది 9 లక్షలు, అదంతా చిన్నకొడుక్కే.

పాత ధరా, కొత్త ధరా, ఏది న్యాయం? రెండూ వాదించదగ్గవే. అందుకే ఒప్పందంలో ముందే ఒక వాక్యం రాసుకోవాలి: ‘ఈ ధరలు ఫలానా తేదీ నాటివి, 60 రోజుల్లోపు దస్తావేజు పూర్తయితే మారవు, దాటితే అన్నిటికీ మళ్లీ కట్టాలి.’ అన్నిటికీ అన్నది ముఖ్యం. పెరిగిన బంగారానికి మాత్రమే కొత్త ధర కట్టి, భూమికి పాత ధర ఉంచితే మళ్లీ రెండు కొలమానాల గొడవే.

## ఒకే ముక్క ఇద్దరికి కావాలంటే

ఇప్పటిదాకా ధరలపై ముగ్గురూ ఒప్పుకున్నారనుకున్నాం. నిజానికి రోడ్డు ముక్క కూతురికి కూడా కావాలి. దాని ధరపైనా ముగ్గురికీ మూడు అభిప్రాయాలు. ఇలాంటి చోట పోలండ్ గణిత శాస్త్రవేత్త బ్రోనిస్లావ్ క్నాస్టర్ పేరుతో ఉన్న మూసిన చీటీల పద్ధతి బాగా పనిచేస్తుంది. ఎవరికి వారు ‘ఈ ముక్క నాకు ఇంత విలువ’ అని చీటీ మీద రాసి కవరులో పెడతారు. అన్నీ ఒకేసారి విప్పుతారు.

పెద్దకొడుకు 48 లక్షలు, కూతురు 60, చిన్నకొడుకు 54 అని రాశారు. ఎక్కువ రాసిన కూతురికి ముక్క దక్కుతుంది. తన లెక్క ప్రకారమే ఆమెకు చెందాల్సింది 60లో మూడో వంతు, అంటే 20. కాబట్టి మిగిలిన 40 లక్షలు కుండలో వేయాలి. పెద్దకొడుకు తన లెక్కలో మూడో వంతు 16, చిన్నకొడుకు తన లెక్కలో మూడో వంతు 18 ఆ కుండలోంచి తీసుకుంటారు. 40లో 34 పోగా ఇంకా 6 మిగిలింది. దాన్ని ముగ్గురికీ తలా 2 పంచుతారు. చివరికి కూతురు 38 ఇస్తుంది, పెద్దకొడుక్కి 18, చిన్నకొడుక్కి 20 వస్తాయి. ప్రతి ఒక్కరికీ తాను న్యాయం అనుకున్నదానికంటే 2 లక్షలు ఎక్కువే వచ్చింది. అభిప్రాయ భేదమే ఇక్కడ అందరికీ లాభంగా మారింది.

38 లక్షలు కూతురు ఎక్కడి నుంచి తెస్తుందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. తేనక్కర్లేదు. మిగిలిన ఆస్తి (పల్లం 72, బంగారం 36, నగదు 24) మొత్తం 132, అందులో ఒక్కొక్కరి వాటా 44. పల్లం పెద్దకొడుకు, బంగారం, నగదు చిన్నకొడుకు తీసుకుంటే పెద్దకొడుకు 28, చిన్నకొడుకు 16 అదనంగా పట్టుకున్నట్టు. ఆ 44 కూతురికి రావాలి. రోడ్డు ముక్క లెక్కను దీనితో కలిపి చెల్లగొడితే మిగిలేది చిన్నదే: పెద్దకొడుకు 10 ఇస్తాడు, కూతురికి 6, చిన్నకొడుక్కి 4 వస్తాయి. ఆడపిల్ల భూమి తీసుకుంది, మగపిల్లాడు బంగారం తీసుకున్నాడు. ఈ పద్ధతిలో ఎవరికి ఏది అన్నది అలవాటు తేల్చదు, చీటీ తేలుస్తుంది.

దీనికీ ఒక బలహీనత ఉంది. పక్కవాడు ఎంత రాస్తాడో తెలిస్తే ఆట ఆడొచ్చు. ముక్క అక్కర్లేనివాడు తనకొచ్చే డబ్బు పెంచుకోడానికి కావాలని ఎక్కువ రాయవచ్చు. కాస్త హద్దు దాటితే అక్కర్లేని భూమి మెడకు చుట్టుకుంటుంది. కావాలనుకున్నవాడు తక్కువ రాస్తే ముక్క చేజారుతుంది. ఈ భయమే చాలావరకు నిజం రాయిస్తుంది. ఒకరికి డబ్బు బలం, ఒకరికి లేమి ఉన్న ఇంట్లో మాత్రం చీటీ విలువను కాదు, స్తోమతను కొలుస్తుంది. అలాంటి చోట వాల్యుయర్ ధరే మేలు.

## పది లక్షలు ఎప్పుడు వస్తాయి?

మొదటి లెక్కలోనైనా, చీటీల లెక్కలోనైనా పెద్దకొడుకు 10 లక్షలు ఇవ్వాలి. అతని దగ్గర ఉన్నది పొలం, నగదు కాదు. పంపకాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ‘పంట అమ్మాక ఇస్తాన్లే’ అన్న నోటిమాట మీద దస్తావేజు అయిపోతే, ఆ తర్వాత అడిగేవారికి మొహమాటం, ఇచ్చేవారికి వాయిదా.

ఒక దారి, సొమ్ముకు బదులు భూమే ఇవ్వడం. సెంటు 40,000 చొప్పున 10 లక్షలంటే పాతిక సెంట్లు. అయితే లోపలి పాతిక సెంట్లకు దారి లేకపోతే అది పేరుకే ఆస్తి. ఇంకో దారి, వాయిదాలు. మొదటి లెక్కనే తీసుకుంటే, దస్తావేజు రోజున 4 లక్షలు ఇచ్చి కూతురి 2 లక్షలు పూర్తిగా తీర్చి, చిన్నకొడుక్కి 2 ఇవ్వవచ్చు. మిగిలిన 6 లక్షలు ఏడాదికి, 9 శాతం వడ్డీతో. వడ్డీ 54,000 అవుతుంది. అన్నదమ్ముల మధ్య వడ్డీ ఏమిటని కొందరు చిన్నబుచ్చుకుంటారు గానీ, వడ్డీ లేని ఏడాది గడువు అంటే చిన్నకొడుకు వాటాలో అర లక్షకు పైగా కోసేసినట్టే.

గడువు ఇస్తే భరోసా దస్తావేజులోనే ఉండాలి. ‘ఈ సొమ్ము చెల్లేవరకు ఫలానా సర్వే నంబరు పల్లం మీద చార్జి ఉంటుంది’ అని రాస్తే, ఆ భూమి ఈసీలో అది కనబడుతుంది, కొనేవారికి తెలుస్తుంది. చార్జి ఉన్న సొమ్మును భూమి మీద వసూలు చేసుకోడానికి దావా గడువు, సొమ్ము రావాల్సిన తేదీ నుంచి 12 ఏళ్లు. అలా రాయకపోతే అది మామూలు బాకీ, దావా గడువు సాధారణంగా మూడేళ్లే. చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పైగా రేపు ‘ఇచ్చాను, ఇవ్వలేదు’ అన్న వాదనకు బ్యాంకు పుస్తకమే సాక్షి.

## లెక్కలో కనబడని బరువులు

వారసత్వంగా వచ్చినందుకు మన దేశంలో పన్ను లేదు. అమ్మినప్పుడు ఉంటుంది. 24 లక్షల నగదులో ఏ పన్నూ దాగి లేదు. బంగారంలో ఉంది. పొలంలో ఉండవచ్చు: మహానగర హద్దు నుంచి గాలి దూరంలో 8 కిలోమీటర్ల లోపు సాగుభూమి పన్ను పడే ఆస్తి కింద లెక్క. జీవీఎంసీ భీమిలి వరకు విస్తరించాక పద్మనాభం, ఆనందపురం వైపు చాలా పొలాలకు ఈ దూరం కొలిచి చూసుకోవాలి. సాగు చేసుకునేవాడికి దీనితో పని లేదు. రేపో మాపో అమ్మేద్దామని రోడ్డు ముక్క తీసుకునేవారు మాత్రం తమ 54 లక్షలు చేతికి 54గా రావని ముందే బేరమాడుకోవాలి.

రెండోది పెళ్లి ఖర్చు. ‘పెళ్లికి అంత పెట్టాం కదా’ అని కూతురి వాటాలో కోత అడగడం మామూలే. వీలునామా లేని హిందూ వారసత్వంలో బతికుండగా ఇచ్చినదాన్ని వాటాలోంచి దానంతటదే తీసేయాలన్న నియమం లేదు. ముగ్గురూ ఒప్పుకుని లెక్కలో కలుపుకోవచ్చు, కానీ అప్పుడు చిన్నకొడుకు ఇంజనీరింగ్ ఫీజు, పెద్దకొడుకు ఇన్నేళ్లు కౌలు లేకుండా తిన్న పంట కూడా రావాలి. ఆ జాబితా మొదలైతే ఆగదు కాబట్టి చాలా కుటుంబాలు అన్నీ వదిలేయడమే ఎంచుకుంటాయి. అది తప్పు కాదు, అందరివీ వదిలేస్తే.

## కుదరకపోతే కోర్టు చేసేది

భాగ పరిష్కారపు దావా వేస్తే కోర్టు మొదట ఎవరి వాటా ఎంతో చెబుతూ ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. శిస్తు ఉన్న సాగుభూమి విభజన కలెక్టరు ద్వారా, మిగతా ఆస్తిది అవసరమైతే కమిషనర్ ద్వారా జరుగుతుంది. ఆ తర్వాత తుది డిక్రీ. ముక్కలు చేయడం కుదరని ఆస్తి అయితే 1893 నాటి విభజన చట్టం కింద సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవారు అడిగితే కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. మిగతావారు కోర్టు కట్టిన ధరకు ఆ వాటాలు కొనుక్కోవచ్చు. అంటే ఏళ్ల తర్వాత కోర్టులో జరిగేది కూడా ధర కట్టడం, తేడా చెల్లించడమే.

ఇంట్లో కుదిరితే పంపకాల దస్తావేజును రిజిస్టర్ చేయించాలి. దానిలో ఎవరి షెడ్యూలు వారికి హద్దులతో, బోరు నీటికీ బండి దారికీ హక్కు ఎవరిదో, సర్దుబాటు సొమ్ము ఎంతో, ఎప్పటికో రాసి ఉండాలి. ఆ తర్వాత పట్టాదారు పాసుపుస్తకంలో పేర్లు మార్చే మ్యుటేషన్ ఉంది. దస్తావేజు అయి మ్యుటేషన్ కాని పొలంపై రికార్డుల్లో తండ్రి పేరే ఉంటుంది. పెద్దకొడుకు 6 లక్షల కోసం పంట రుణానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు మొదట అడిగే కాగితం ఆ పాసుపుస్తకమే.